చెవి సంగతి, ఏడు వాక్యాల్లో

పోయిన నెల ఒక శుక్రవారం రాత్రి మా మేనకోడలు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అనంతపురంలో మా ఇంటికీ అక్కావాళ్ల ఇంటికీ మధ్య రెండు వీధులే. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి తనకు టెస్టింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మొదటి రౌండు బుధవారం పొద్దున పదకొండుకు, ఫోన్‌లో. పిల్ల ఆ 'ఫోన్‌లో' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

తనకు రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. నాకూ ఉన్నాయి. మా ఇంట్లో ఈ చెవుల సంగతి నాతో మొదలై తన దాకా వచ్చింది. అందుకే ఇలాంటివి వాళ్ల నాన్నకంటే ముందు నా దగ్గరికి వస్తాయి.

"మెయిల్ రాసినా మామా, ఒకసారి చూడు" అంది. చూశాను. పేజీన్నర ఉంది. మూడేళ్ల వయసులో వచ్చిన జ్వరంతో మొదలైంది. కర్నూలు ఆసుపత్రికి తిరిగిన సంగతి, మిషన్లు ఎప్పుడు పెట్టించిందీ, బీటెక్‌లో ముందు బెంచీలో కూర్చుని ఎలా నెట్టుకొచ్చిందీ అన్నీ వరసగా ఉన్నాయి. 'వినికిడి లోపం ఉన్నప్పటికీ కష్టపడి పనిచేస్తాను' అని రెండుచోట్ల రాసింది. 'మీకు ఇబ్బంది కలిగిస్తున్నందుకు క్షమించండి' అని మూడుచోట్ల. అడుగున ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతుందో గీతల్లో చూపే వినికిడి పరీక్ష కాగితం, జత చేసింది. అంత రాసి, అసలు ఏం కావాలో మాత్రం చివరి పేరాలో ఒకే ఒక్క వాక్యంలో పెట్టింది: 'వీలుంటే దయచేసి ఏదైనా సర్దుబాటు చేయగలరని ఆశిస్తున్నాను.'

ఏ సర్దుబాటు? చదివిన మనిషికి తెలియదు. తెలియనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? పక్కన పెడతారు. లేదంటే 'మీకు మా శుభాకాంక్షలు' అని రాసి ఊరుకుంటారు.

ఆ రాత్రి ఆ పేజీన్నరను ఏడు వాక్యాలకు దించాం. ఏం తీశాం, ఎందుకు తీశాం, ఏది తప్పు చేశాం అన్నదే ఈ పోస్టు.

కూలర్ పక్కన మూడు కుర్చీలు

ముందు నా కథ కొంచెం చెప్పాలి. లేకపోతే నా పట్టుదల అర్థం కాదు.

2011 ఏప్రిల్‌లో కర్నూలులో ఒక ప్రైవేటు కంపెనీకి అకౌంటెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయాను. చెవుల సంగతి ఎవరికీ చెప్పలేదు. చొక్కా కాలర్ పైకి లాగి, జుట్టు కొంచెం పెంచి, మిషన్లు కనపడకుండా చూసుకున్నాను. ఏప్రిల్‌లో కర్నూలు ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు. గదిలో గోడకు పెద్ద కూలర్ ఉంది. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు, వాళ్ల వెనకే కిటికీ. వెలుతురంతా వాళ్ల వీపు మీద, నీడంతా వాళ్ల ముఖాల మీద. మధ్యలో ఉన్నాయన మాట్లాడేటప్పుడు పెన్ను మూతిదగ్గర పెట్టుకునే రకం.

చెవి మిషన్ గురించి తెలియనివాళ్లు అనుకునేదేమంటే, కళ్లద్దాలు పెట్టుకుంటే అక్షరాలు తేటపడ్డట్టు, మిషన్ పెట్టుకుంటే మాట తేటపడుతుందని. అట్ల కాదు. మిషన్ మాటను పెంచుతుంది, దాంతోపాటు కూలర్ మోతనూ పెంచుతుంది. మనిషి గజం దూరంలో ఉంటే మాట గెలుస్తుంది. దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు బలం సుమారు ఆరు డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. కూలర్ మాత్రం ఎక్కడున్నా గదంతా నింపేస్తుంది. ఆ బల్ల నాలుగడుగులు దాటి వెడల్పుంది.

ఆయన "పాత కంపెనీ ఎందుకు వదిలేశారు?" అని అడిగాడు. నాకు "పాత కంపెనీ ఎక్కడ?" అని వినపడింది. "గుంతకల్లు రోడ్డులో సార్" అన్నాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి పంపేశారు. ఆ ఆఫీసులో పనిచేసే తెలిసినాయన తర్వాత చెప్పాడు, లోపల ఏమనుకున్నారో: "పిల్లోడు మంచోడే, కాస్త మందం."

ఇన్నేళ్లయినా ఆ 'మందం' నా చెవిలోనే ఉంది. ఆ మాట మాత్రం ఎట్ల స్పష్టంగా వినపడిందో!

నేను చెప్పకపోవడం వల్ల వాళ్లకు ఏ కారణమూ తెలియకుండా పోలేదు. వాళ్లే ఒక కారణం రాసుకున్నారు. చెవి వినపడకపోవడం బయటికి ఎప్పుడూ చెవిలా కనపడదు. తెలివి తక్కువైనట్టో, శ్రద్ధ లేనట్టో, ఇంగ్లీషు రానట్టో కనపడుతుంది. ఫారంలో దాన్ని 'కమ్యూనికేషన్ స్కిల్స్ చాలవు' అని రాస్తారు. అందుకే, మిగతా జబ్బుల సంగతి ఏమైనా, వినికిడి విషయంలో ముందే చెప్పడం మేలని నా అభిప్రాయం. ఎంత చెప్పాలన్నది వేరే ప్రశ్న.

సెలవు చీటీ నేర్పిన భాష

పాప మెయిల్ చదువుతుంటే ఒక సంగతి తట్టింది. మన ఒంటికి బాగాలేదని రాయడం మనకు బడిలో నేర్పింది ఒక్క సందర్భంలోనే. సెలవు చీటీ. 'అయ్యా, నాకు జ్వరముగా ఉన్నందున బడికి రాలేకపోవుచున్నాను, కావున తమరు దయతో రెండు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన.' జబ్బు పేరు, దీనంగా ఒక మాట, దయ, ప్రార్థన. ఇదే సాంచా. రేషన్ కార్డు అర్జీకీ ఇదే, పింఛను అర్జీకీ ఇదే. ఎంత కష్టం చూపిస్తే అంత దయ పుడుతుందని మనకు బాగా ఎక్కింది.

సెలవు చీటీ అడిగేది రాకుండా ఉండడానికి. పాప అడుగుతున్నది వచ్చి కూర్చోవడానికి. రెండూ ఒకే భాషలో రాస్తే చదివేవాళ్లకు రెండోదీ మొదటిదానిలాగే అనిపిస్తుంది. 'ఈ అమ్మాయి ఏదో మినహాయింపు అడుగుతోంది' అనుకుంటారు.

అందుకని మొదట తీసింది జ్వరాన్ని. చెవి ఎందుకు పోయిందో కంపెనీకి అనవసరం. ఇప్పుడు మాట ఎట్ల అందుతుందో అదొక్కటే వాళ్లకు పనికొచ్చే సమాచారం. తర్వాత ఆడియోగ్రామ్ తీసేశాం. ఆ గీతలు హెచ్‌ఆర్ అమ్మాయికి అర్థం కావు, పైగా ఒకసారి పంపిన వైద్య కాగితం ఎన్ని ఇన్‌బాక్సులు తిరుగుతుందో మన చేతిలో ఉండదు. కావాలంటే వాళ్లే అడుగుతారు, అప్పుడు ఇవ్వొచ్చు.

'ఉన్నప్పటికీ' అన్న మాట దగ్గర ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. అది పట్టుదల చూపిస్తుందని తన వాదన. 'ఉన్నప్పటికీ పనిచేస్తాను' అనగానే, లోపం ఉన్నవాళ్లు మామూలుగా పనిచేయరని మనమే ఒప్పుకున్నట్టు కాదా అన్నాను. కాసేపు చూసి కొట్టేసింది. 'క్షమించండి' మూడూ పోయాయి. 'వీలుంటే' కూడా పోయింది. వీలుంటే అని మనమే అంటే, వీలు కాదనడం వాళ్లకు చాలా సులువు.

చివరికి మిగిలింది ఇది. అసలు పంపింది ఇంగ్లీషులోనే, దాన్నే తెలుగులో ఇస్తున్నాను.

విషయం: బుధవారం ఇంటర్వ్యూ, ఏర్పాట్ల గురించి

నమస్కారం. టెస్టింగ్ ఉద్యోగానికి బుధవారం ఉదయం 11 గంటల ఇంటర్వ్యూకు పిలిచినందుకు ధన్యవాదాలు, తప్పక హాజరవుతాను. నేను రెండు చెవులకూ వినికిడి యంత్రాలు వాడతాను. ఎదుటివారి ముఖం కనిపిస్తూ మాట్లాడితే నాకు స్పష్టంగా అందుతుంది. కాబట్టి ఫోన్ కాల్‌కు బదులు వీడియో కాల్ పెట్టాలని, మాట్లాడేవారి కెమెరా ఆన్‌లో ఉండి క్యాప్షన్లు పనిచేసేలా చూడాలని, పొడవైన ప్రశ్నలను చాట్‌లో కూడా టైప్ చేయాలని కోరుతున్నాను. సమయం, ప్రశ్నలు, మిగతావన్నీ మీరు అనుకున్నట్టే ఉండొచ్చు. ఏదైనా మాట్లాడాల్సి వస్తే ఈ మెయిల్‌కు గానీ వాట్సాప్‌కు గానీ రాయండి. సోమవారం సాయంత్రంలోగా ఖరారు చేస్తే నేనూ ఇటువైపు సిద్ధం చేసుకుంటాను.

కింద పేరు, నంబరు. అంతే.

ఇందులో నాకు బాగా నచ్చింది అయిదో వాక్యం. సమయం, ప్రశ్నలు మీరు అనుకున్నట్టే ఉండొచ్చు అన్నది. అవతలివాళ్ల మనసులో ఉండే భయం అదే కదా, 'ఈమెకు ప్రశ్నలు తేలిక చేయాలేమో, సమయం ఎక్కువ ఇవ్వాలేమో, మిగతావాళ్లు అడిగితే ఏం చెప్పాలి' అని. అడగకముందే ఆ ముడి విప్పేశాం. నిజంగా ఎక్కువ సమయం అవసరమైనవాళ్లు మాత్రం ఈ వాక్యం రాయకూడదు. ఎంత సమయం కావాలో నిమిషాల్లో రాయాలి.

సోమవారం గడువు పెట్టడం వెనక ఒక లెక్క ఉంది. పిలుపు శుక్రవారం సాయంత్రం వచ్చింది, మెయిల్ ఆ రాత్రే పోయింది. ఆఫీసుల్లో మీటింగ్ లింకు మార్చడానికి, మాటలను తెర మీద అక్షరాలుగా చూపే క్యాప్షన్లు ఆన్ చేయించడానికి ఒకటి రెండు పని రోజులు పడుతుంది. మంగళవారం రాత్రి అడిగితే ఎంత మంచివాళ్లైనా ఏమీ చేయలేరు. మరి దరఖాస్తులోనే రాసుంటే? నేనైతే వద్దంటాను. అక్కడ వందల కాగితాలను వడపోస్తుంటారు, ఒక్క కారణం దొరికితే చాలు పక్కన పెట్టడానికి. పిలిచిన తర్వాత అయితే వాళ్లు ఎంచుకున్న మనిషి అడుగుతున్నట్టు ఉంటుంది.

ఫోన్‌కు చేతకానిది

ఫోన్ వద్దని అంత గట్టిగా ఎందుకు? పాప అమ్మతో, స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటుంది కదా అని బావ అడిగాడు. ఈ ప్రశ్న ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ వస్తుంది, అందుకే జవాబు తెలిసుండాలి.

మామూలు ఫోన్ లైను మొత్తం గొంతును మోయదు. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యనున్న శబ్దాన్నే మోస్తుంది. కొత్త ఫోన్లు రెండువైపులా కలిస్తే ఇంకొంచెం మెరుగు, ఆఫీసు లైన్ల సంగతి చెప్పలేం. స, ఫ లాంటి శబ్దాల బలం చాలావరకు ఆ పైనే ఉంటుంది. మా పాప ఆడియోగ్రామ్‌లో గీత పడిపోయేదీ సరిగ్గా పైనే. అంటే అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. మాట నడక తెలుస్తుంది, మాట తెలియదు. అమ్మతో మాట్లాడేటప్పుడు సగం మాటలు ముందే తెలుసు కాబట్టి మనసు పూరించుకుంటుంది. ఎప్పుడూ వినని గొంతు, తెలియని ప్రశ్న అయితే పూరించుకోవడానికి ఏముంటుంది?

ముఖం కనపడితే కొంత అందుతుంది, అంతా కాదు. పెదవులు చూసి అంతా చదివేస్తారని సినిమాల్లో చూపిస్తారు, అద్దం ముందు నిలబడి 'పాట, బాట, మాట' అని గొంతు లేకుండా అని చూడండి. మూడూ ఒకటే. క, గ అయితే గొంతులో పుడతాయి, పెదవుల మీదికే రావు. అందుకే వీడియో ఒక్కటే అడగలేదు, క్యాప్షన్లు కూడా అడిగాం. క్యాప్షన్లూ పూర్తిగా నమ్మదగ్గవి కావు, అందుకే చాట్ కూడా అడిగాం. మూడు సగాలు కలిస్తే ఒక నిండు వాక్యం అవుతుంది.

క్యాప్షన్ల విషయంలో ఏ కంపెనీ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుందో ముందే తెలుసుకోవడం మంచిది. Google Meet అయితే ఎవరి తెర మీద వాళ్లే ఆన్ చేసుకోవచ్చు, కీబోర్డు మీద `c` నొక్కితే చాలు. Zoom అయితే మీటింగ్ పెట్టినవాళ్ల అకౌంట్‌లో ఆ సౌకర్యం ఆన్‌లో ఉండాలి. Teams లో మనమే పెట్టుకోవచ్చు గానీ కంపెనీ ఐటీవాళ్లు ఆపేసి ఉండొచ్చు. మెయిల్‌లో 'క్యాప్షన్లు పనిచేసేలా చూడాలి' అన్నది అందుకే.

బావ అభ్యంతరం

శనివారం పొద్దున బావ వచ్చాడు. మెయిల్ అప్పటికే పోయింది. చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏం బామ్మర్దీ, ఆర్డరు వేసినట్టు రాయించినావే. ఉద్యోగం వాళ్లు ఇచ్చేది. ఇంకా లోపలికి పోకముందే కెమెరా పెట్టు, చాట్‌లో కొట్టు అంటే, ఈ తలనొప్పి మనకెందుకులే అనుకోరా? ముందు ఉద్యోగం రానీ, తర్వాత చెప్పుకుంటే పోతుంది."

ఆయన మాట కొట్టిపారేయలేను. కొందరు అట్ల అనుకుంటారు. మెయిల్ చూసి జవాబు ఇవ్వకుండా, 'పోస్టు భర్తీ అయింది' అని రెండు రోజుల తర్వాత రాసేవాళ్లు ఉంటారు. అది చెవి వల్లనే అని నిరూపించడం దాదాపు కుదరదు. ఎదురుదెబ్బ తగిలే అవకాశం లేదని ఎవరైనా చెబితే వాళ్లు ఎప్పుడూ ఇలాంటి మెయిల్ రాయలేదన్నమాట.

"బావా, పాప ఆ ఫోన్ ఎత్తి, మూడో ప్రశ్నకే తప్పు జవాబు చెబితే తలనొప్పి ఉండదా?" అన్నాను. "అప్పుడు మాత్రం ఉద్యోగం ఇస్తారా?"

ఆయనా ఊరుకోలేదు. "నీకు చెవులు పూర్తిగా పోయినాయి కాబట్టి నువ్వు చెప్పాల్సిందే. పాపకు మిషన్ తీసినా కాస్త వినపడుతుంది. దాచుకోగలిగినోళ్లు దాచుకుంటే తప్పేముంది?"

తప్పేమీ లేదు. ఇది ఒప్పుకోవాలి. కడపలో నా స్నేహితుడొకడికి చిన్నప్పటి నుంచీ టైప్ 1 షుగర్. మూడు గంటలు సాగే ప్యానెల్ ఇంటర్వ్యూకు పోయేముందు వాడు రాసింది ఒక్క వాక్యమే: 'ఆరోగ్య కారణం వల్ల రౌండుకు రౌండుకు మధ్య పది నిమిషాల విరామం, బల్ల మీద నీళ్లు, ఒక చిన్న పౌచ్ పెట్టుకునే వీలు కావాలి.' షుగర్ అన్న మాటే లేదు. పౌచ్‌లో గ్లూకోజ్, మీటర్ ఉన్నాయి. షుగర్ పడిపోతే 15 గ్రాముల గ్లూకోజ్ తిని 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసుకోవాలి, వాడికి ఆ వ్యవధి కావాలి. జబ్బు పేరు చెప్పినందువల్ల దానికి వచ్చే అదనపు లాభం ఏదీ లేదు, కాబట్టి చెప్పలేదు. వాడు చేసింది సరైనదే.

వినికిడి విషయంలో ఆ దారి కుదరదు. 'ఆరోగ్య కారణం వల్ల కెమెరా ఆన్‌లో ఉంచండి' అంటే వింతగా ఉంటుంది, లేనిపోని ఊహలకు చోటిస్తుంది. 'మిషన్లు వాడతాను' అన్న రెండు ముక్కలు పడగానే కోరిక దానంతట అదే అర్థమైపోతుంది. అడిగేదానికి అర్థం రావడానికి ఎంత చెప్పాలో అంతే చెప్పడం. బావకు ఇది సగమే నచ్చింది. "కోరుతున్నాను అని రాసినావు కదా, ఇంకాస్త మెత్తగా వేడుకుంటున్నాను అని ఉండొచ్చు" అని గొణిగాడు. కోరడానికీ వేడుకోవడానికీ మధ్యనున్న ఆ జానెడు దూరం కోసమే నేను రాత్రి పదకొండు దాకా కూర్చున్నానని ఆయనకు చెప్పలేదు.

చట్టం జేబులోనే

పాప మొదట మెయిల్‌లో చట్టం పేరు పెడదామంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఏర్పాట్లకు ఒక నిర్వచనమే ఉంది. అవతలివారి మీద మితిమీరిన భారం పడకుండా, ఒక మనిషి సందర్భానికి అవసరమైన తగిన మార్పులు చేయడం. వీడియో కాల్ పెట్టడంలో భారమేముంది? ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలని కూడా ఆ చట్టం చెబుతుంది, ప్రైవేటువాటితో సహా.

ఒక చిక్కుంది. ఆ చట్టం ప్రకారం 'వినికిడి తక్కువ' అనే వర్గంలోకి రావాలంటే రెండు చెవులకూ మాట్లాడే శబ్దాల దగ్గర 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉండాలి. పాపకు సగటున 50 చిల్లర. రిజర్వేషన్‌కు కావాల్సిన 40 శాతం సర్టిఫికెట్ తనకు రాదు. 'కార్డు లేనిదానివి ఏ ముఖం పెట్టుకుని అడుగుతావ్' అని క్లాసులో ఒకడు అన్నాడట. ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు దగ్గర దొరికే జవాబు ఒకటుంది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఒక అభ్యర్థికి, నిర్ణీత శాతం వైకల్యం లేదని యూపీఎస్సీ స్క్రైబును, అంటే చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, నిరాకరించింది. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. 40 శాతం అన్నది రిజర్వేషన్ లాంటి వాటికి గీసిన గీత, తగిన ఏర్పాట్లు అడగడానికి అది అడ్డు కాదన్నది దాని సారాంశం. అది ప్రభుత్వ పరీక్ష విషయం, ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకు అచ్చంగా అతుక్కోదు. అయినా 'కార్డు లేదు కాబట్టి అడగకూడదు' అనే సంకోచం పోవడానికి అది చాలు.

మరి మెయిల్‌లో ఎందుకు పెట్టలేదంటే, మొదటి మాటే చట్టంతో మొదలుపెడితే హెచ్‌ఆర్ అమ్మాయి దాన్ని తన పై అధికారికి పంపుతుంది, ఆయన లీగల్‌కు పంపుతాడు. లింకు మార్చాల్సిన పని రెండు వారాల ఫైలు అవుతుంది. రెండోసారి కూడా కాదంటే అప్పుడు తీయొచ్చు. ఏపీపీఎస్సీ, బ్యాంకు పరీక్షల దారి మాత్రం వేరు. అక్కడ దరఖాస్తు ఫారంలోనే గడులుంటాయి, సర్టిఫికెట్ కావాలి. ఆ గడి వదిలేసి తర్వాత మెయిల్ రాస్తే వినేవాళ్లుండరు.

బుధవారం, పదకొండు

సోమవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. రెండో రౌండు నుంచి వీడియో ఉంటుంది, క్యాప్షన్లు కూడా ఉంటాయి, మొదటి రౌండు మాత్రం అందరికీ ఫోన్‌లోనే, అది మా పద్ధతి అని. పాప ముఖం మాడిపోయింది. ఇక్కడ చాలామంది 'సరేలే, ఎట్లోగట్ల చూసుకుందాం' అని ఒప్పేసుకుంటారు. ఒకప్పుడు నేనూ అదే చేశాను.

ఈసారి రెండు వాక్యాలే రాసింది. 'అదే 20 నిమిషాలు, అవే ప్రశ్నలు, అదే సమయానికి వీడియోలో పెడితే సరిపోతుంది, కావాలంటే లింకు నేనే పంపుతాను. ఫోన్‌లో అయితే నా జవాబుల ద్వారా నా టెస్టింగ్ పరిజ్ఞానం మీకు సరిగా తెలియదు.' రెండో వాక్యం తనే రాసింది, నేను చెప్పలేదు. సాయంత్రానికి Teams లింకు వచ్చింది.

బుధవారం పాప మా ఇంట్లోనే కూర్చుంది, మా ముందు గదిలో ఫ్యాన్ చప్పుడు తక్కువని. ఫ్యాన్ కూడా ఆపేశాం. నేను వంటింట్లో కుక్కర్ దగ్గర కాపలా, విజిల్ రాకుండా. సరిగ్గా పదకొండుకు తెర వెలిగింది. అవతల కెమెరా లేదు, నల్ల చదరంలో రెండు అక్షరాలు మాత్రం ఉన్నాయి. గొంతు మొదలైపోయింది.

తర్వాత తెలిసింది, మెయిల్ హెచ్‌ఆర్ దగ్గరే ఆగిపోయిందని. ఇంటర్వ్యూ చేసే ఇంజినీరుకు ఎవరూ చెప్పలేదు. లింకు మారిందని మాత్రం తెలుసు, ఎందుకు మారిందో తెలియదు. ఏడు వాక్యాల్లో మేం వదిలేసిన ఎనిమిదోది ఇదే. ఎన్నో ఏళ్లుగా ఇలాంటివి చూస్తున్న నాకైనా తట్టాల్సింది, తట్టలేదు.

పాప క్షణం ఆగి అంది: "సర్, ఐ యూజ్ హియరింగ్ ఎయిడ్స్. కెమెరా ఆన్ చేస్తే మీ మాట బాగా ఫాలో అవుతాను." గొంతు వణికింది, నాకు వంటింట్లోకి తెలిసింది. తెర మీద ముఖం కనపడింది. నడివయసు మనిషి, కొంచెం తడబడ్డాడు, సారీ చెప్పాడు, దీపం దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత ఇరవై రెండు నిమిషాలు మామూలుగా సాగింది. మధ్యలో క్యాప్షన్ 'రిగ్రెషన్ టెస్టింగ్' అన్నదాన్ని 'అగ్రెషన్ టెస్టింగ్' అని రాసింది. పాప ఒక్క క్షణం తికమకపడి, "మీరు రిగ్రెషన్ అనే అన్నారు కదా సర్?" అని అడిగింది. ఆయనా చూసుకుని నవ్వాడు. ఆ నవ్వుకూ 2011లో నేను చూసిన చూపులకూ తేడా గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు తెలిసింది. ఒక పొడవైన ప్రశ్నను ఆయన చాట్‌లో టైప్ చేశాడు కూడా, అడక్కుండానే.

ఉద్యోగం రాలేదు. సెలీనియం అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగినంత పని చేసిన అనుభవం లేదని శుక్రవారం మెయిల్ వచ్చింది. అసలు కారణం అదేనా, ఇంకేదైనా ఉందా? తెలియదు, తెలిసే దారీ లేదు. బావ "చెప్పినా కదా" అన్నట్టు చూశాడు గానీ అనలేదు. సెలీనియం నిజంగానే రాదని పాపే ఒప్పుకుంది. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా దాంతోనే కుస్తీ.

నిన్న హైదరాబాదు నుంచి ఇంకో పిలుపు వచ్చింది, వచ్చే గురువారానికి. పాత మెయిల్ తీసి తేదీ మార్చింది, ఉద్యోగం పేరు మార్చింది. సోమవారం గడువును మంగళవారం చేసింది. కెమెరా 'ఆన్‌లో ఉండి' అన్నచోట 'చివరిదాకా ఆన్‌లో ఉండి' అని పెట్టింది. ఆఖరున ఎనిమిదో వాక్యం చేర్చింది: 'ఇంటర్వ్యూ చేసేవారికి ఈ మెయిల్‌ను ముందురోజే పంపి, పంపినట్టు నాకు ఒక మాట రాయండి.'

పంపేముందు నన్ను అడగలేదు. పంపాక వాట్సాప్‌లో ఫొటో పెట్టింది, కింద ఒక ప్రశ్నతో: "మామా, గురువారం కుక్కర్ పెట్టకుండా ఉంటారా?"